“వేరే వారసులు ఎవరూ లేరు”: ఆ ఒక్క లైను గురించి

ప్రశ్న: మేడం గారూ, మాది పలాస దగ్గర పల్లె. నాన్న జీడి బట్టీలో పనిచేసి దాచుకున్న 4 లక్షల 20 వేలు బ్యాంకులో డిపాజిట్ ఉంది. ఆయన నిరుడు పోయారు. నామినీని రాయలేదు. వారసులెవరో నోటరీ అఫిడవిట్ తెమ్మని బ్యాంకువాళ్లు అంటున్నారు. కోర్టు దగ్గర టైపు కొట్టే ఆయన “అమ్మ, నేను తప్ప వేరే వారసులు ఎవరూ లేరు” అని రాసేద్దామన్నాడు. మా అప్పకి పెళ్లయి బరంపురంలో ఉంటోంది. పెళ్లప్పుడు ఇవ్వాల్సినవన్నీ ఇచ్చేశాం. నాన్న తల్లి, మా మామ్మ, మంచం మీద ఉంది. ఆవిణ్ని వదిలి అమ్మ టౌనుకి రాలేదు. “అమ్మగారు రానక్కర్లేదు బాబూ, సంతకం ఎట్టించి తెచ్చీ, ముద్ర నేను ఏయించేస్తాను, అందరూ ఇలాగే సేత్తారు, ఏటవుతాది” అన్నాడు. 700 అడిగాడు. ఖాళీ స్టాంపు పేపరు మీద అమ్మ సంతకం ఇచ్చేశాను కూడా. అసలు అఫిడవిట్ అంటే ఏమిటి? నోటరీ ఎప్పుడు కావాలి? అందులో తప్పు రాస్తే నిజంగా ఏమవుతుంది?

జవాబు: బాబూ, ముందు ఆ ఖాళీ స్టాంపు పేపరు వెనక్కి తెచ్చుకోండి. ఇది చదవడం తర్వాతైనా పరవాలేదు. సంతకం ఉన్న ఖాళీ కాగితం ఎవరి చేతిలో ఉంటే అందులో రాత వాళ్లదే అవుతుంది. టైపు ఆయన మంచివాడే కావొచ్చు. ఆయన బల్ల మీది కాగితాలు ఎన్ని చేతులు మారతాయో మీకూ నాకూ తెలియదు కదా.

ఇక అసలు సంగతి. అఫిడవిట్ అంటే స్టాంపు పేపరు కాదు, గుండ్రటి ముద్రా కాదు. మన జిల్లాలో చాలామంది ఈ రెంటినే అఫిడవిట్ అనుకుంటారు. దీన్ని తెలుగులో ప్రమాణపత్రం అంటారు, ఆ మాటలోనే విషయం ఉంది. కోర్టులో బోనెక్కి “అంతా నిజమే చెబుతాను” అని ఒట్టేసి చెప్పే మాటను, బోనెక్కకుండా కాగితం మీద చెబితే అది అఫిడవిట్. చెప్పే మనిషి ఒకరుండాలి, వాళ్లనే డిపొనెంట్ అంటాం. ఆ మనిషి తనకు తెలిసిన సంగతులను “నేను” అంటూ చెప్పాలి. ప్రమాణం చేయించే అధికారం చట్టం ఇచ్చిన మరో మనిషి ఎదురుగా ఉండాలి. ఆయన ముందు ప్రమాణం చేసి, ఆయన చూస్తుండగా సంతకం పెట్టాలి. దేవుడి మీద ప్రమాణం చేయడం ఇష్టం లేనివాళ్లు ఆత్మసాక్షిగా చెప్పొచ్చు. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం రెండూ సమానమే.

ఈ నిర్వచనంతో పోల్చి చూస్తే, మీ టైపు ఆయన చేస్తానన్నది అఫిడవిట్టే కాదు. మీ అమ్మగారు ఇంట్లో సంతకం పెట్టారు. ఎదురుగా నోటరీ లేరు, ప్రమాణం లేదు. అప్పటికి కాగితం మీద సంగతులే లేవు. అయినా ఆ కాగితం అడుగున “నా సమక్షంలో ప్రమాణం చేసి సంతకం చేసినారు” అనే ముద్ర పడుతుంది. పైన టైపు కొట్టింది నిజమైనా అబద్ధమైనా ఈ అడుగు లైను మాత్రం అబద్ధమే.

అది చిన్న సంగతి అనిపిస్తే నాకెదురైన ఒక కేసు చెబుతాను. తీరప్రాంతపు పల్లె మనిషి ఒకాయన స్థలం తగాదాలో ఇంజంక్షన్ కోసం, అంటే అవతలివాళ్లు ఆ స్థలం జోలికి రాకుండా ఆపే ఉత్తర్వు కోసం, కోర్టుకి వచ్చాడు. స్థలం ఆయనదే, రాసిన సంగతులన్నీ నిజాలే. అఫిడవిట్ మాత్రం వాళ్ల తమ్ముడు టైపు కొట్టించి, ముందే తీసుకున్న సంతకం మీద ముద్ర వేయించాడు. ముద్ర పడిన తేదీన ఆ మనిషి గుజరాత్‌లో వేరావల్ రేవులో బోటు మీద ఉన్నాడు. అవతలి లాయరు ఆయన రైలు టికెట్టు, బోటు యజమాని ఇచ్చిన అడ్వాన్సు చీటీ తెచ్చి బయటపెట్టాడు. ఆ రోజు ఆయన ముఖంలో రక్తం లేదు. ఆ అఫిడవిట్‌ను కోర్టు పక్కన పెట్టేసింది, ఇంజంక్షన్ రాలేదు. నిజం చెప్పిన మనిషి అబద్ధాలకోరుగా తేలడం ఆ రోజు చూశాను.

కాబట్టి నోటరీ ఏం చేస్తారో, ఏం చేయరో సరిగ్గా తెలుసుకోవాలి. 1952 నాటి నోటరీల చట్టం కింద కేంద్ర ప్రభుత్వమో రాష్ట్ర ప్రభుత్వమో నియమించిన మనిషి నోటరీ. సాధారణంగా కొన్నేళ్లు ప్రాక్టీసు చేసిన లాయర్లకే ఇస్తారు. ఆయనకు ఒక ప్రాంతం కేటాయిస్తారు, ఆ ప్రాంతం లోపలే ఆయన నోటరీ. గుండ్రటి ముద్ర మీద ఆయన పేరు, ఆ ప్రాంతం, నియమించిన ప్రభుత్వం పేరు ఉండాలి. ఆయన దగ్గర వరస నంబర్లతో ఒక రిజిస్టరు ఉంటుంది. అక్కడ మీ కాగితం వివరం రాసి మీ సంతకం కూడా తీసుకోవాలి, ఆ నంబరు మీ కాగితం మీద పడాలి. రిజిస్టరులో సంతకం పెట్టకుండా బయటికొచ్చారంటే మీ పని సగమే అయింది. ఫీజుకి రసీదు కూడా అడగండి. ప్రభుత్వం ఖరారు చేసిన నోటరీ ఫీజు మీరు చెప్పిన 700లో చిన్న ముక్క. మిగతాది టైపుకీ, స్టాంపుకీ, “రానక్కర్లేదు” అన్న మాటకీ.

నోటరీ చేయనిది ఏమిటంటే, మీరు చెప్పింది నిజమో కాదో ఆయన తేల్చరు. “ఈ మనిషి ఇతనే, నా ముందు ప్రమాణం చేశాడు, నా ముందు సంతకం పెట్టాడు” అన్నంతవరకే ఆయన పూచీ. లోపలి ప్రతి అక్షరానికీ పూచీ మీదే. ముద్ర పడింది కాబట్టి గవర్నమెంటు ఒప్పుకున్నట్టే అనుకోవడం మన దగ్గర పెద్ద భ్రమ. నోటరీ కాగితం మీద ఇంటి స్థలాలు కొన్నవాళ్లు నా దగ్గరికి వచ్చినప్పుడల్లా ఈ మాట చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. 100 రూపాయలూ ఆపై విలువున్న స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషనే కావాలి, నోటరీ ముద్రతో హక్కు రాదు. అది వేరే కథ, వదిలేద్దాం.

నోటరీ ఎప్పుడు కావాలన్నదానికి నేను చెప్పే కొండగుర్తు ఒకటుంది. కాగితం అడిగే వాళ్లను “ఎవరి ముందు ప్రమాణం చేయమంటారు? మీ ఫారం చూపించండి” అని అడగండి. సివిల్ కోర్టులో వేసే అఫిడవిట్‌కి సివిల్ ప్రొసీజర్ కోడ్ 139వ సెక్షన్ ఉంది. కోర్టు గానీ, మేజిస్ట్రేటు గానీ, హైకోర్టు నియమించిన అధికారి గానీ, నోటరీ గానీ ప్రమాణం చేయించొచ్చు. అంటే కోర్టులో కూడా నోటరీ ఒక దారే, ఒకే దారి కాదు. ఎన్నికల్లో నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 లాంటివి ఎవరి ముందు ప్రమాణం చేయాలో ఆ నిబంధనలే చెబుతాయి. బ్యాంకులు, ఇన్సూరెన్సువాళ్లు, కాలేజీలు అడిగేవి వాళ్ల వాళ్ల రూలును బట్టి ఉంటాయి.

అసలు నోటరీ అక్కర్లేని చోట కూడా అలవాటుకొద్దీ చేయించేవాళ్లు బోలెడుమంది. పాస్‌పోర్టు దరఖాస్తుతో ఇచ్చే అనెక్సర్లను, అంటే అనుబంధ పత్రాలను తీసుకోండి. 2016 డిసెంబరులో విదేశాంగ శాఖ మార్చిన రూలు ప్రకారం అవి తెల్ల కాగితం మీద స్వీయ ప్రకటనగా ఇస్తే చాలు. ఇప్పటికీ వాటికి ముద్ర వేయించుకుని విశాఖ వెళ్లేవాళ్లున్నారు. పుట్టిన నెల దాటాక ఏడాది లోపు జననం నమోదు చేయించాలంటే ఒకప్పుడు నోటరీ అఫిడవిట్ చట్టంలోనే ఉండేది. 2023లో చేసిన సవరణలో దాని బదులు స్వయంగా ధ్రువీకరించిన పత్రం చాలన్నారు. అయితే ఒక మాట. స్వీయ ప్రకటనలో ప్రమాణం లేదు కాబట్టి అబద్ధం ఆడొచ్చని కాదు. అధికారిని మోసం చేయడానికి రాసిన మాట ఏ కాగితం మీదైనా నేరమే.

స్టాంపు పేపరు సంగతి రెండు ముక్కల్లో. కోర్టులో వేయడానికి రాసే అఫిడవిట్‌కి స్టాంపు సుంకం నుంచి మినహాయింపు ఉంది, కేవలం పింఛను అందుకోవడం కోసం రాసేదానికీ ఉంది. ఇక స్టాంపు పేపరు ఆరు నెలల్లో చెల్లిపోతుందన్నది ఉత్త మాట. ఆ ఆరు నెలలు వాడని పేపరు వాపసిచ్చి డబ్బు తీసుకోవడానికి పెట్టిన గడువు.

ఇప్పుడు మీ ఉత్తరంలోని ఆ లైను దగ్గరికి వద్దాం. “అమ్మ, నేను తప్ప వేరే వారసులు ఎవరూ లేరు.” మీరు హిందువులైతే, అది మీ నాన్నగారి సొంత కష్టార్జితమైతే, వీలునామా లేకపోతే 1956 హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుంది. ఆ చట్టంలో మొదటి తరగతి వారసులని ఒక జాబితా ఉంది. కొడుకు, కూతురు, భార్య, తల్లి అందులోనే ఉన్నారు. కూతురికి పెళ్లయిందా లేదా అని ఆ జాబితా అడగదు. పెళ్లప్పుడు ఏం పెట్టారో, ఎంత బంగారం ఇచ్చారో కూడా అడగదు. కాబట్టి మీ అప్ప వారసురాలు.

మీరు గమనించకుండానే రాసిన మాట ఇంకొకటుంది. “నాన్న తల్లి, మా మామ్మ, మంచం మీద ఉంది” అన్నారు. ఆవిణ్ని ఒక ఇబ్బందిగా రాశారు గానీ వారసురాలిగా లెక్కపెట్టలేదు. చనిపోయిన కొడుకు ఆస్తిలో తల్లికి సమాన వాటా ఉంది. మామూలుగా కూతుర్ని వదిలేయడం తెలిసి చేస్తారు, తల్లిని వదిలేయడం తెలియక చేస్తారు. నా దగ్గరికి వచ్చే కాగితాల్లో ఎక్కువ తేడాలు ఈ తల్లి దగ్గరే వస్తాయి. అంటే మీ ఇంట్లో వారసులు నలుగురు. మీ అమ్మగారు, మీరు, అప్ప, మామ్మ. 4 లక్షల 20 వేలను నాలుగు చేస్తే ఒక్కొక్కరికి 1 లక్షా 5 వేలు. టైపు ఆయన రాస్తానన్న లైను ఇద్దరి పేరున ఉన్న 2 లక్షల 10 వేలను మాయం చేస్తుంది.

అఫిడవిట్‌లో అబద్ధమంటే ఏమిటో ఇక్కడ నిలబడి చూడాలి. లేనిది ఉందనడమే కాదు, ఉన్నవాళ్లను లేరనడమూ అబద్ధమే. చట్టం ఇంకా ఒక అడుగు ముందుకెళ్తుంది. మీకు తెలియని సంగతిని “నాకు తెలుసు” అని ప్రమాణం చేసినా, నమ్మని సంగతిని “నమ్ముతున్నాను” అన్నా తప్పుడు సాక్ష్యమే అవుతుంది. పాత ఐపీసీ 191వ సెక్షన్‌లో ఉన్న ఈ వివరణ ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 227లోకి వచ్చింది. అందుకే మంచి అఫిడవిట్ చివర ఒక పేరా ఉంటుంది: “పై 1 నుంచి 4 పేరాలలోనివి నాకు స్వయంగా తెలిసినవి, 5వ పేరాలోనిది ఫలానా వారు చెప్పగా నిజమని నమ్ముతున్నది.” దీన్ని వెరిఫికేషన్ అంటాం. టైపు బల్ల దగ్గర “అన్నీ నాకు తెలిసినవే” అని ఒకే మూసలో కొట్టేస్తారు. ఉదాహరణకు మీ నాన్నగారికి ఇంకే బ్యాంకులోనూ డిపాజిట్ లేదని మీకు స్వయంగా తెలుసా? ఆయన చెప్పగా విన్నారా? ఆ తేడా రాయించుకుంటే రేపు ఇంకో పాస్‌బుక్కు బయటపడినా మీరు అబద్ధం చెప్పినట్టు కాదు.

తెలియక జరిగిన పొరపాటుకీ తెలిసి ఆడిన అబద్ధానికీ చట్టం తేడా చూస్తుంది. వయసు ఒక ఏడాది తప్పు పడింది, ఇంటి నంబరు తారుమారైంది అనుకోండి. గమనించిన వెంటనే “ఫలానా అఫిడవిట్‌లో ఫలానా పొరపాటు దొర్లింది” అని ఇంకో అఫిడవిట్ ఇచ్చి సరిచేసుకోవాలి. పాత కాగితం మీదే కొట్టివేసి పైన దిద్దడం మాత్రం చేయకూడదు. దిద్దాల్సి వస్తే నోటరీ ముందే, ఆయన పొట్టి సంతకంతో. మీ విషయంలో తెలియదనే మాట చెల్లదు. అప్ప ఉందని తెలిసీ లేదని రాస్తున్నారు. ఆ తెలుసునన్న సంగతి మీ ఉత్తరంలోనే ఉంది.

శిక్ష ఎంత అన్నది ఆ కాగితం ఎక్కడ వాడారన్నదాన్ని బట్టి మారుతుంది. మీరు బ్యాంకులో వాడబోతున్నారు. అబద్ధం చెప్పి నమ్మించి డబ్బు ఇప్పించుకోవడం మోసం. న్యాయ సంహిత 318వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు, జరిమానా. పాతవాళ్లకు చెప్పాలంటే అదే మన 420. అదే అబద్ధాన్ని ప్రమాణం చేయించే అధికారం ఉన్న ప్రభుత్వ అధికారి ముందు చెబితే 216వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా. కోర్టు కేసులో తప్పుడు సాక్ష్యంగా తేలితే 229 కింద ఏడేళ్ల దాకా జైలు, 10 వేల దాకా జరిమానా. కోర్టు బయటి తప్పుడు సాక్ష్యానికి మూడేళ్లు, 5 వేలు. ఒక తప్పుడు కాగితాన్ని వేరొకరు రాస్తే, అది తప్పని తెలిసి మీరు వాడుకున్నా రాసినవాళ్లతో సమానంగా మీరూ బాధ్యులే. న్యాయ సంహిత అమల్లోకి వచ్చిన 2024 జూలై 1కి ముందు చేసిన పనులకు పాత ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి.

మా కోర్టు వరండాలో అందరూ చెప్పుకునే మాటా చెప్పాలి. “అఫిడవిట్ అబద్ధమని ఎవరికి శిక్ష పడింది లెండి?” అంటారు. అందులో కొంత నిజముంది. కోర్టులో వేసిన తప్పుడు అఫిడవిట్ మీద అవతలివాళ్లు నేరుగా పోలీసు కేసు పెట్టలేరు. ఆ కోర్టే విచారించి, న్యాయం కోసం అవసరమనిపిస్తే తనే ఫిర్యాదు పంపాలి. కొత్త చట్టంలో అది నాగరిక్ సురక్షా సంహిత 379వ సెక్షన్. ప్రతి అబద్ధానికీ జడ్జీలు ఆ పని చేయరు. కానీ మీ కేసు ఆ గుంపులోది కాదు. బ్యాంకుకి ఇచ్చిన కాగితానికి కోర్టు ఫిర్యాదు అవసరం లేదు. మీ అప్పో, బావో, బ్యాంకో స్టేషన్‌లో మోసం కింద ఫిర్యాదు ఇవ్వొచ్చు.

జైలు సంగతి అలా ఉంచి, మామూలుగా జరిగేదేమిటో చెబుతాను. బ్యాంకు అఫిడవిట్ ఒక్కటే తీసుకోదు. ఇన్‌డెమ్నిటీ బాండ్ కూడా రాయించుకుంటుంది. రేపు వేరే వారసుడు వచ్చి అడిగితే ఆ డబ్బు మేం కడతాం అని మీరూ, బ్యాంకు అడిగిన చోట జామీనుదారులూ పెట్టే సంతకం అది. జామీను అడిగితే ఆ సంతకం ఎవరు పెడతారు? మీ ఊళ్లో మీ మీద నమ్మకం ఉన్న మనిషే, బహుశా మీ బాబాయో, మాస్టారో. డబ్బు తీసుకున్న రెండేళ్లకు ఇంటి స్థలం పంపకం దగ్గర మాటా మాటా పెరిగి, బావ బ్యాంకుకి వెళ్లి “మా ఆవిడ పేరు ఎందుకు లేదు” అని ఒక ఉత్తరం ఇస్తే చాలు. బ్యాంకు మొదటి నోటీసు మీకు, జామీను ఉంటే రెండోది ఆ మనిషికి. అంతేకాదు, స్థలం మీద కోర్టుకి వెళ్తే మీ అప్ప తరఫు లాయరు మొదట చూపించే కాగితం ఈ అఫిడవిట్టే. “సొంత అప్పని లేదని ప్రమాణం చేసిన మనిషి” అని ఒక్క మాట అంటే, మీరు ఆ తర్వాత చెప్పే నిజాలకు కూడా విలువ ఉండదు.

మామ్మ వాటాకి ఇంకో మెలిక ఉంది. ఆవిడకు వచ్చిన 1 లక్షా 5 వేలు ఆవిడ సొంతం. ఆవిడ కాలం చేస్తే అది ఆవిడ వారసులకు వెళ్తుంది, అంటే మీ బాబాయిలకు, మేనత్తలకు, మీ నాన్నగారి తరఫున మీకూ అప్పకూ. ఆవిడ పేరు వదిలేస్తే రేపు అడిగేది అప్ప ఒక్కతే కాదు, మేనత్త కొడుకు కూడా అడగొచ్చు.

మరి ఏం చేయాలి? అఫిడవిట్‌లో నలుగురి పేర్లూ రాయండి. పని ఆగిపోతుందని భయపడకండి, నిజం రాస్తే రావాల్సింది ఒక్క కాగితం ఎక్కువ. ముందుగా సచివాలయంలో దరఖాస్తు పెట్టి తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోండి. వీఆర్వో ఊళ్లో విచారిస్తారు, అప్ప పేరు, మామ్మ పేరు చెప్పండి. అందులోనూ అఫిడవిట్‌లోనూ పేర్లు తేడా లేకుండా ఉండాలి. ఒకదాంట్లో నలుగురు, రెండోదాంట్లో ఇద్దరు ఉంటే బ్యాంకు అక్కడే ఆపేస్తుంది. తర్వాత బ్యాంకు దగ్గర వాళ్ల సొంత నమూనా ఫారాలు అడిగి తెచ్చుకోండి. టైపు బల్ల మీది మూసలు వద్దు. ఎంత మొత్తం వరకు కోర్టు వారసత్వ సర్టిఫికెట్ అడగకుండా ఇస్తారన్నది కూడా అక్కడే తేలుతుంది.

మీ అఫిడవిట్ ఇలా ఉంటే చాలు. “నేను ఫలానా, తండ్రి కీర్తిశేషులు ఫలానా, వయసు ఇంత, నివాసం ఫలానా, ప్రమాణపూర్వకంగా తెలియజేయునది. నా తండ్రి ఫలానా తేదీన మరణించిరి. వీలునామా వ్రాసినట్లు నాకు తెలియదు. వారి వారసులు భార్య ఫలానా, కుమారుడనైన నేను, వివాహిత కుమార్తె ఫలానా, తల్లి ఫలానా. నాకు తెలిసినంతవరకు వీరు గాక మొదటి తరగతి వారసులు లేరు.” వీలునామా దగ్గర “లేదు” అనకుండా “నాకు తెలియదు” అన్నది గమనించండి. మీకు తెలిసింది అంతే కదా.

అప్ప విషయం అడగాల్సింది అప్పనే. తన వాటా తనకు కావాలంటే తీసుకుంటుంది, అది ఆమె హక్కు. వద్దంటే బ్యాంకులో డిస్‌క్లెయిమర్ లెటర్ అని ఒకటుంటుంది. “ఈ డిపాజిట్‌లో నా వాటా నాకు వద్దు, నా తల్లికి గానీ తమ్ముడికి గానీ ఇవ్వడానికి అభ్యంతరం లేదు” అని ఆమె సంతకం పెట్టాలి. డిపాజిట్ డబ్బు కాబట్టి దీనికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, భూమికైతే రిజిస్టరు చేసిన హక్కు విడుదల దస్తావేజే కావాలి. దానికోసం ఆమె పలాస రానక్కర్లేదు. బ్యాంకు నోటరీ కావాలంటే బరంపురంలోనే అక్కడి నోటరీ ముందు, ఆధార్ పట్టుకుని వెళ్లి, చదువుకుని సంతకం పెట్టొచ్చు. మీ టౌను నోటరీ బరంపురం వెళ్లి చేయకూడదు, అది ఆయన ప్రాంతం కాదు. కాగితం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉండి ఆమెకు ఆ భాష రాకపోతే, తెలుగులో చదివి వినిపించినట్టు అందులోనే రాయించమనండి.

మీ అమ్మగారు టౌనుకి రాలేకపోతే నోటరీనే ఇంటికి రమ్మనవచ్చు. పలాస నోటరీకి మీ పల్లె ఆయన ప్రాంతంలోనే ఉంటే రావడానికి అడ్డం లేదు, ఆటో ఖర్చు మీరు పెట్టుకోవాలి. రిజిస్టరు వెంట తెచ్చుకుని అమ్మగారి చేత అందులోనూ సంతకం పెట్టించాలి.

మామ్మ దగ్గర కాస్త జాగ్రత్త. మంచం మీద ఉన్న పెద్దావిడ చేత వేలిముద్ర వేయించి వాటా వదిలేయించడం నాకు ఇష్టం లేదు, చట్టం దగ్గరా అది నిలబడుతుందన్న నమ్మకం లేదు. చదువు రాని మనిషి అఫిడవిట్ ఇస్తే, దాన్ని ఆవిడకు తెలిసిన భాషలో చదివి వినిపించామని, ఆవిడ అర్థం చేసుకుని ఒప్పుకుందని నోటరీ రాయాలి. ఆవిడకు మతి నిలకడగా లేకపోతే ఆ రాత కూడా అబద్ధమే. ఆవిడ స్పృహలో ఉండి మాట్లాడుతుంటే బ్యాంకువాళ్లతో మాట్లాడి ఆవిడ 1 లక్షా 5 వేలు ఆవిడ ఖాతాలోనే వేయించండి. వృద్ధాప్య పింఛను పడే ఖాతా ఉంటే అది చాలు. మందులకు వాడొచ్చు. బాబాయిలకు ఒక మాట చెప్పి ఉంచండి.

టైపు ఆయన దగ్గర ఆ ఖాళీ పేపరు తీసుకున్నాక అమ్మగారి సంతకం మీద అడ్డంగా రెండు గీతలు గీసి “రద్దు” అని రాసి ఇంట్లో దాచండి, చింపకండి. ఒకవేళ ఆయన ఇవ్వకుండా ఈలోపే టైపు కొట్టేసి ముద్ర వేయించి ఉంటే, దాన్ని బ్యాంకులో ఇవ్వకండి. ఇంకెవరైనా ఇచ్చేశారని తెలిస్తే అదే రోజు మేనేజరుకి “ఆ అఫిడవిట్ మేము ప్రమాణం చేసినది కాదు, అందులో వారసుల వివరం సరికాదు, సరైనది ఇస్తున్నాం” అని రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోండి. డబ్బు బయటికి రాకముందు ఇచ్చిన ఆ ఉత్తరానికీ, వచ్చాక ఇచ్చిన ఉత్తరానికీ చాలా తేడా ఉంది.